చిన్న బ్రాండ్‌కి రెండు వారాల టీజర్, లాంచ్ ప్లాన్: ఒక బెల్లం ఆవకాయ లెక్కతో

రెండు వారాల లాంచ్ ప్లాన్ అనగానే చాలామంది పదమూడు రోజులు టీజర్లు వేసి పద్నాలుగో రోజున ఆర్డర్లు తెరుస్తారు. నేనైతే పదో రోజున తెరవమంటాను. ఎందుకంటే చిన్న బ్రాండ్ దగ్గర మొదటిసారి కొనేవాళ్లలో చాలామంది, ఇంకొకరి ఇంటికి పార్సిల్ చేరిందని, బాగుందని చూశాకే డబ్బులు వేస్తారు. ఆ చేరడం, తినడం, ఫోటో పెట్టడం మీ ప్లాన్ లోపలే జరగాలి. ప్లాన్ అయిపోయి మీరు అలిసిపోయి పడుకున్నాక జరిగితే దాన్ని వాడుకునే ఓపిక ఎవరికీ ఉండదు.

మాటలు గాల్లో ఉండకుండా ఒక కేసు పెట్టుకుందాం. గుంటూరులో ఇంటి దగ్గరే పచ్చళ్లు పెట్టి అమ్మే అక్కాచెల్లెళ్లు ఉన్నారనుకోండి. ఆవకాయ, గోంగూర ఇప్పటికే అమ్ముతున్నారు. ఇన్‌స్టాగ్రామ్‌లో 1,400 మంది ఫాలోవర్లు, వాట్సాప్‌లో 380 మంది పాత కస్టమర్లు. ఈసారి కొత్తగా బెల్లం ఆవకాయ. యాడ్లకి బడ్జెట్ లేదు, మనుషులు ఇద్దరే. మీరు అమ్మేది సబ్బులైనా, చేనేత బ్లౌజులైనా ఇదే క్రమం పనికొస్తుంది, లెక్కలు మాత్రం మీవి వేసుకోవాలి.

## టీజర్ మొదలుపెట్టే ముందే తేలాల్సినవి

మొదటి షరతు: సరుకు సీసాలో ఉండాలి. తయారవుతూ ఉండగా టీజర్ వేయడం చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ ప్రమాదం. బెల్లం ఆవకాయే తీసుకోండి. ముక్కల్లో ఉప్పు, కారం, ఆవపిండి, నూనె, తురిమిన బెల్లం కలిపి ఊరనిచ్చాక, ఊటలోంచి ముక్కలు తీసి ఎండబెట్టాలి, ఊటని కూడా ఎండలో పెట్టి పాకంలా చిక్కబడనివ్వాలి. మే నెలలో ఒక్క సాయంత్రం మబ్బేసి వాన పడితే ఆ ఎండ రెండు మూడు రోజులు వెనక్కి పోతుంది. అప్పటికే మీరు తేదీ చెప్పేసి ఉంటే, పల్చటి ఊటతోనే సీసాలు నింపడమో తేదీ మార్చడమో చేయాలి. రెండూ మొదటి ముద్ర పాడుచేసేవే. అందుకని తయారీ అంతా అప్పుడే వీడియో తీసి ఫోన్‌లో దాచండి, సరుకు సిద్ధమై నలుగురు రుచి చూశాక ఆ వీడియోలు ఒక్కొక్కటి వదలండి. "పోయిన వారం ముక్కలు కొట్టించినప్పుడు" అని రాస్తే అబద్ధం కూడా కాదు.

రెండోది, ఎన్ని అమ్మగలరో లెక్క. చాలామంది ఎంత సరుకు ఉందో చూస్తారు, ఎన్ని పార్సిళ్లు కట్టగలరో చూడరు. మీరే గడియారం పెట్టుకుని పది పార్సిళ్లు కట్టి చూడండి. సీసా తుడిచి, మూతకి టేపు వేసి, కవర్లో పెట్టి, బబుల్ షీట్ చుట్టి, డబ్బాలో పెట్టి, అడ్రస్ అంటించేసరికి ఒక్కోదానికి ఆరు నిమిషాలు పట్టిందనుకుందాం. అంటే ఒకరికి గంటకి పది. ఒకరు పార్సిళ్లు కడుతుంటే రెండోవాళ్లు మెసేజీలు చూడాలి కాబట్టి ఇద్దరూ కట్టే లెక్క వేయకండి. రోజుకి నాలుగు గంటలైతే 40, గురు, శుక్ర, శనివారాలు కలిపి 120. మన అక్కాచెల్లెళ్లు పెట్టింది 60 కిలోలు, అంటే అర కిలో సీసాలు 120. అందులో పది రుచి చూపించడానికి, పది దారిలో పగిలినవాటికి, కారినవాటికి బదులు పంపడానికి పక్కన పెడితే అమ్మకానికి 100. ఈ వందే ఈ ప్లాన్‌కి కొలత. పార్సిళ్లు కట్టే శక్తి 120 ఉంది కాబట్టి కరెంటు పోయినా, ఒకరికి జ్వరం వచ్చినా కాస్త వెసులుబాటు ఉంది.

మూడోది, పార్సిల్ పరీక్ష. మూత బిగించి, టేపు వేసి సీసాని ఒక రాత్రంతా బోర్లించి కాగితం మీద పెట్టండి. పొద్దున కాగితం మీద నూనె మరక కనబడితే ఆ మూత పనికిరాదు, లోపల సీల్ వేయించాలి. తర్వాత రెండు పార్సిళ్లు నిజంగానే కొరియర్లో, ఒకటి హైదరాబాద్, ఒకటి బెంగళూరు లేదా ఢిల్లీలో ఉన్న తెలిసినవాళ్లకి పంపండి. ఎన్ని రోజులకి చేరింది, డబ్బా మూలలు నలిగాయా, తెరవగానే తీసిన ఫోటో, ఇవి మూడూ కావాలి. పచ్చళ్లు తీసుకోని కొరియర్లు, విమానంలో పంపని కొరియర్లు ఉంటాయి కాబట్టి ఆ సంగతి కౌంటర్లో ముందే అడిగి పెట్టుకోండి.

ఈ పరీక్షలోనే ఇంకో మంచి సంగతి బయటపడుతుంది. కొరియర్ చార్జీ ఎక్కువచోట్ల అర కిలో చొప్పున మెట్లుగా పెరుగుతుంది. అర కిలో పచ్చడి, సీసా, డబ్బా అన్నీ కలిపి తూస్తే సుమారు 650 గ్రాములు వస్తుంది, అంటే అర కిలో దాటింది కాబట్టి కిలో చార్జీ కట్టాలి. ఎలాగూ కిలోకి కడుతున్నాం గనక, ఆ ఖాళీలో పావు కిలో గోంగూర సీసా పెట్టినా 925 గ్రాముల దగ్గరే ఆగుతుంది. పైసా అదనపు కొరియర్ లేకుండా పాత సరుకు కూడా వెళ్తుంది. లాంచ్‌కి డిస్కౌంట్ ఇవ్వడం కన్నా ఈ జోడీ అమ్మడం ఎప్పుడూ నయం. కొత్త సరుకుని మొదటి రోజే తగ్గించి అమ్మితే ఆ తగ్గించిన ధరే అసలు ధరగా జనం మనసులో పడిపోతుంది, తర్వాత పెంచినట్టే కనబడుతుంది. మన కేసులో అర కిలో బెల్లం ఆవకాయ 350, కొరియర్ 80, మొత్తం 430. గోంగూరతో జోడీ అయితే 600.

లేబుల్ కూడా ఇప్పుడే అవ్వాలి, ఎందుకంటే టీజర్ ఫోటోల్లో సీసా కనబడుతుంది. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 14 అంకెల నంబరు, శాకాహారం ఆకుపచ్చ గుర్తు, పదార్థాల పేర్లు, నికర బరువు, ఎంఆర్‌పీ, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, ఎప్పటిలోగా వాడాలో, మీ చిరునామా, కస్టమర్ ఫోన్ నంబరు కనీసం ఉండాల్సినవి. కామెంట్లలో ఎవరో ఒకరు "లైసెన్స్ ఉందా అండీ" అని అడుగుతారు. జవాబుగా సీసా వెనకవైపు ఫోటో పెట్టేస్తే ఆ ప్రశ్న మళ్లీ రాదు.

## ఏ వారం, ఏ రోజు

సోమవారం ఒకటో రోజు అయితే పదో రోజు బుధవారం వస్తుంది. ఆ బుధవారం సాయంత్రం ఆర్డర్లు తెరిస్తే గురు, శుక్రవారాల్లో పార్సిళ్లు బయల్దేరతాయి, దగ్గర ఊళ్లకి శనివారం కల్లా చేరతాయి, ఆదివారం మధ్యాహ్నం అన్నంలోకి వస్తాయి. ఆదివారం నాడే తెరిస్తే జనం ఖాళీగా ఉంటారన్నది నిజమే గానీ కొరియర్ ఆఫీసు మూసి ఉంటుంది, సోమ, మంగళవారాలు గడిచి పార్సిల్ వారం మధ్యలో, ఎవరూ తీరిగ్గా లేని రోజున చేరుతుంది. ఇక ఆ బుధవారం నెలలో మొదటి పది రోజుల్లో పడేలా చూసుకోండి, జీతాలు పడి ఉంటాయి. పచ్చడి మామిడికాయ ఏప్రిల్ చివర, మే నెలల్లో దొరుకుతుంది గనక మే మధ్యలో పచ్చడి పెట్టి, నెలాఖరు వారంలో టీజర్ మొదలుపెట్టి, జూన్ మొదటి పది రోజుల్లో తెరిస్తే సరిపోతుంది.

## వెయిటింగ్ లిస్ట్ ఎలా కూర్చాలి

టీజర్ పని అయిందో లేదో లైకులు చెప్పవు. "నాకు చెప్పండి" అని పేరు ఇచ్చినవాళ్ల లెక్క ఒక్కటే చెబుతుంది. పేరిచ్చినవాళ్లందరూ కొనరు. మీ దగ్గర పాత లాంచ్ లెక్కలుంటే అవి వాడండి, లేకపోతే ముగ్గురిలో ఒకరు కొంటారని అనుకుని దిగండి. వంద సీసాలకి మూడు వందల పేర్లు. ఎక్కువ కొంటే సంతోషమే.

పేరు ఇవ్వడం ఎంత తేలికగా ఉంటే అంత మంచిది. గూగుల్ ఫారం పెడితే చాలామంది మధ్యలోనే వదిలేస్తారు. వాట్సాప్ లింకులో మెసేజ్ ముందే రాసి పెట్టొచ్చు, నొక్కితే చాలు పంపడమే మిగులుతుంది:

```
https://wa.me/91XXXXXXXXXX?text=BELLAM
```

దేశం కోడ్ ముందు ప్లస్ గుర్తు, సున్నాలు పెట్టకూడదు, అంకెల మధ్య గీతలు ఉండకూడదు. దీన్ని ఇన్‌స్టాగ్రామ్ బయోలో, స్టోరీల్లో లింక్ స్టిక్కర్‌గా పెట్టండి. మెసేజ్ రాగానే వాట్సాప్ బిజినెస్‌లో ఆ చాట్‌కి "బెల్లం" అని ఒక లేబుల్ వేయండి, అదే మీ లిస్టు.

ఇక్కడ ఒక చిక్కుంది, చాలామందికి లాంచ్ రోజు దాకా తెలియదు. ఒకే మెసేజ్ చాలామందికి ఒకేసారి పంపే వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టు ఒక్కోదానిలో 256 మందే పడతారు, పైగా మీ నంబరు వాళ్ల ఫోన్‌లో సేవ్ అయి ఉంటేనే మెసేజ్ చేరుతుంది. 380 మందికి పంపామనుకుంటారు, నిజంగా చేరేది ఎంతమందికో. చేరిందా లేదా తెలుసుకోవాలంటే, పంపిన మెసేజ్ నొక్కి పట్టుకుని ఇన్ఫో చూస్తే ఎవరికి అందిందో, ఎవరు చదివారో కనబడుతుంది. అందుకే పేరిచ్చిన ప్రతివాళ్లకీ వెళ్లే మొదటి జవాబులోనే నంబరు సేవ్ చేసుకోమని అడగాలి. క్విక్ రిప్లైలో ఇలా రాసి పెట్టుకోవచ్చు:

"మీ పేరు రాసుకున్నామండీ. ఆర్డర్లు తెరిచే రెండు గంటల ముందే మీకు చెప్తాం. ఈ నంబరు సేవ్ చేసుకోండి, లేకపోతే మా మెసేజ్ మీకు రాదు. ఇంతకీ మీ ఇంట్లో బెల్లం ఆవకాయ ముందు తిన్నారా, ఇదే మొదటిసారా?"

ఆఖరి ప్రశ్న మర్యాద కోసం పెట్టింది కాదు. ఆ జవాబులే నాలుగో రోజు నుంచి మీరు ఏం పెట్టాలో చెబుతాయి.

ఇక బ్రాడ్‌కాస్ట్ పద్నాలుగు రోజుల్లో నాలుగుసార్లకి మించి పంపకండి. స్టేటస్ రోజూ పెట్టుకోవచ్చు, చూసేవాళ్లు చూస్తారు. బ్రాడ్‌కాస్ట్ మాత్రం నేరుగా ఇంట్లోకి వచ్చినట్టే, విసుగొచ్చి బ్లాక్ కొట్టారంటే ఆ కస్టమర్ ఈ పచ్చడికే కాదు, వచ్చే ఏడాది ఆవకాయకి కూడా దొరకరు.

## ఒకటి నుంచి మూడో రోజు: చూపించండి, పేరు చెప్పకండి

నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద "ఏదో పెద్దది రాబోతోంది, వేచి చూడండి" అని రాసి పెట్టడం పెద్ద హీరో సినిమాకి చెల్లుతుంది. ఆ హీరో ఎవరో జనానికి ముందే తెలుసు. 1,400 మంది ఫాలోవర్లున్న పచ్చళ్ల పేజీ అలా పెడితే ఎవరూ వేచి చూడరు, చూసి పైకి జరిపేస్తారు. చిన్న బ్రాండ్ టీజర్లో వస్తువు కనబడాలి, పేరు, ధర మాత్రం దాగి ఉండాలి.

సోమవారం ముక్కలు కొట్టించే వీడియో. పది పన్నెండు సెకన్లు చాలు. కత్తిపీట మీద కాయ పెట్టగానే టెంకతో సహా రెండుగా పగిలే ఆ చప్పుడు, తర్వాత జీడి తీసి, లోపలి పొర గీకి, ముక్కని పొడిగుడ్డతో తుడవడం. పాట వేయకండి, ఆ చప్పుడే ఉండనివ్వండి. రాత: "ఆవకాయ అయిపోయిందిగా, మరి ఈ కాయలు దేనికి?" అంతే. అదే రోజు పాత కస్టమర్లకి మొదటి బ్రాడ్‌కాస్ట్, పేజీలో కన్నా ఒక మాట ఎక్కువ చెప్పాలి వాళ్లకి: "ఈ ఏడాది కొత్తది ఒకటి పెట్టాం, వంద సీసాలే వచ్చాయి, ముందు మీకే చెప్తున్నాం. కావాలంటే బెల్లం అని ఒక్క మాట పంపండి." పాతవాళ్లకి బెల్లం అన్న మాటతోనే సగం అర్థమైపోతుంది, అయిపోనివ్వండి. పేజీ చూసేవాళ్ల కన్నా తమకి ముందు తెలిసిందన్న సంతోషంతో వాళ్లే పేరు పంపుతారు.

మంగళవారం ఎండలో పళ్లెం. ముక్కలు ఒకదానికొకటి అంటకుండా పరిచి, పక్కన గిన్నెలో ఊట. బుధవారం చిక్కబడ్డ ఊట గరిటె మీంచి జారే దృశ్యం, దగ్గరగా. ఈ మూడో దానికి పోల్ పెట్టొచ్చు: "ఇది తీపా, కారమా?" ఓటేసినవాళ్ల పేర్లు మీకు కనబడతాయి, వాళ్లకి విడిగా లింక్ పంపితే లిస్టులోకి వస్తారు. ఈ పని చేతితో చేయాల్సిందే, ఓపిక కావాలి గానీ 1,400 మంది ఫాలోవర్లలో ఓటేసేవాళ్లు కొన్ని పదుల్లోనే ఉంటారు కాబట్టి అరగంటలో తేలిపోతుంది.

## నాలుగు నుంచి ఏడో రోజు: పేరు చెప్పి, సందేహాలు తీర్చండి

గురువారం పేరు చెప్పేయండి. మూడు రోజులకి మించి దాస్తే ఆసక్తి చిరాకుగా మారుతుంది. సీసా ఫోటో, లేబుల్ కనబడేలా, పక్కన వేడి అన్నంలో కలిపిన ముద్ద. ఈ పోస్టుని ప్రొఫైల్లో పైన పిన్ చేయండి, ఎందుకంటే ఇకపైన వచ్చేవాళ్లు ముందు ఇదే చూడాలి.

శుక్ర, శనివారాలు పూర్తిగా సందేహాలకే. పేరిచ్చినవాళ్ల జవాబుల్లో ఏది పదే పదే వస్తోందో చూడండి. బెల్లం ఆవకాయకి సాధారణంగా వచ్చేవి ఇవి: మరీ తియ్యగా ఉంటుందా, పిల్లలు తినగలరా, ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది, ఏ నూనె, ఏ కాయ, వెల్లుల్లి వేశారా. ఒక్కో ప్రశ్నకి ఒక్కో స్టోరీ, కెమెరా ముందు మాట్లాడుతూ, చేతిలో సీసా పట్టుకుని. "మా అమ్మమ్మ చేతి రుచి" లాంటి మాటలు ప్రతి పచ్చళ్ల పేజీలోనూ ఉన్నాయి, వాటికి ఎవరూ చెవి ఒగ్గరు. "కొత్తపల్లి కొబ్బరి రకం మామిడికాయ వాడాం, నువ్వుల నూనె, వెల్లుల్లి లేదు, ముందు తీపి తగిలి తర్వాత ఆవఘాటు వస్తుంది, చక్కెర వేయలేదు" అని చెబితే కొనేవాళ్లకి నిర్ణయం తేలిక. నచ్చనివాళ్లకి కూడా ముందే తెలిసిపోతుంది, అది ఇంకా మంచిది. వెల్లుల్లి లేనిదే ఆవకాయ కాదనే ఇంటికి పార్సిల్ వెళ్లి, అక్కడి నుంచి ఫిర్యాదు రావడం కన్నా అసలు వెళ్లకపోవడమే మేలు.

రుచి చూపించే పది సీసాలు ఈ వారం మొదట్లోనే బయల్దేరి ఉండాలి, సోమవారం నాడే. ఎవరికి? ఫాలోవర్లు ఎక్కువున్న ఫుడ్ పేజీలకి రెండు మూడు ఇస్తే చాలు, మిగతావి ఎక్కువసార్లు కొన్న పాత కస్టమర్లకి, వేర్వేరు ఊళ్లలో ఉన్నవాళ్లకి ఇవ్వండి. ఊరికే ఇచ్చిన సీసా గురించి పేజీలో ఎవరైనా చెబితే, అది ఊరికే వచ్చిందని వాళ్లు స్పష్టంగా చెప్పాలి. కేంద్ర వినియోగదారుల శాఖ 2023 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం డబ్బే కాదు, ఉచితంగా ఇచ్చిన వస్తువు కూడా లెక్కలోకే వస్తుంది. అభిప్రాయం అడిగేటప్పుడు "ఎలా ఉంది" అని అడిగితే "సూపర్" అని ఒక్క మాట వస్తుంది, దాంతో ఏమీ చేయలేరు. "ఇంట్లో ఎవరు ఎక్కువ తిన్నారు, దేనిలోకి తిన్నారు" అని అడగండి. "మా మామయ్యగారు పెరుగన్నంలో నంజుకున్నారు, మావాడు చపాతీలో తిన్నాడు" అని వస్తుంది. ఆ స్క్రీన్‌షాట్, పేరూ నంబరూ కొట్టేసి, వాళ్ల అనుమతితో ఆదివారం పెట్టండి.

## శనివారం రాత్రి ఆగి లెక్క చూడండి

ఆరో రోజు రాత్రికి అనుకున్న పేర్లలో సగం, అంటే 150 దాకా రావాలి. మన కేసులో 112 వచ్చాయనుకుందాం. ఇక్కడ అందరూ చేసే పని పోస్టులు పెంచడం. దానివల్ల చూసినవాళ్లే మళ్లీ చూస్తారు. ముందు ఎక్కడ ఆగుతోందో చూడాలి.

స్టోరీలు చూసేవాళ్లు ఎప్పటిలాగే ఉండి లింక్ నొక్కేవాళ్లు తక్కువైతే, మీరు అడగడం లేదన్నమాట. చూపిస్తున్నారు గానీ "పేరు పంపండి" అని నోరు తెరిచి అనడం లేదు. లింక్ నొక్కి, మెసేజ్ పంపి, తర్వాత "రేటెంత" అని అడిగి మాయమవుతున్నారంటే, ధర దాచడం మీకు నష్టం చేస్తోంది, రెండు రోజులు ఆగకుండా ఆదివారమే చెప్పేయండి. అసలు చూసేవాళ్లే తగ్గితే వీడియోల మొదటి రెండు సెకన్లు మార్చండి, సీసాతో మొదలుపెట్టే బదులు ముద్ద కలిపే చేతితో మొదలుపెట్టండి.

మన అక్కాచెల్లెళ్లకి దొరికింది వేరే సంగతి. పేరిచ్చిన 112 మందిలో పాత కస్టమర్లు నలభైమందే. బ్రాడ్‌కాస్ట్ ఇన్ఫో తెరిచి చూస్తే చాలామందికి మెసేజ్ అందనే లేదు, నంబరు సేవ్ లేదు. అప్పుడు చేయాల్సింది ఒక్కటే. పోయిన ఏడాది రెండుసార్లకి మించి కొన్నవాళ్లని వెతికి, ఒక్కొక్కరికీ విడిగా ఇరవై సెకన్ల వాయిస్ మెసేజ్, పేరు పెట్టి పిలిచి, పోయినసారి ఏం కొన్నారో గుర్తు చేస్తూ. "పిన్నిగారూ, పోయినసారి మీరు మూడు కిలోలు ఆవకాయ తీసుకున్నారు కదా, ఈసారి బెల్లం ఆవకాయ కూడా పెట్టామండీ, మీకొక సీసా తీసి ఉంచమంటారా?" రోజుకి ముప్పై చొప్పున రెండు రోజులు పంపితే అరవై మందికి చేరుతుంది. జవాబివ్వనివాళ్లని రెండోసారి కదపకండి. ఇలా తొమ్మిదో రోజుకి లిస్టు 210 దాకా చేరిందనుకుందాం. మూడు వందలు కాలేదు, పర్వాలేదు. ముగ్గురిలో ఒకరు లెక్కన మొదటి రోజే 70 సీసాలు పోతాయని, మిగతా 30 తర్వాతి నాలుగు రోజుల్లో అమ్మాలని ముందే తెలిసింది, టెన్షన్ లేదు.

ఎదురు పరిస్థితి కూడా వస్తుంది, 400 పేర్లు దాటిపోతాయి. అప్పుడు తెరవకముందే "ఇంటికి ఒక్క సీసా" అని చెప్పేయండి. తెరిచాక చెబితే గొడవే.

## ఎనిమిది, తొమ్మిది రోజులు: ధర, నియమాలు

సోమవారం ధర. దాచిపెట్టి, "డీఎం చేయండి" అని రాయకండి, సీసా ఫోటో మీదే రాసేయండి: 430, కొరియర్‌తో కలిపి. జోడీ 600. ఏ రాష్ట్రాలకి ఆ కొరియర్ ధర, దూరమైతే ఎంత ఎక్కువ, ఎప్పుడు బయల్దేరుతుంది, క్యాష్ ఆన్ డెలివరీ ఉందా లేదా. మొదటి లాంచ్‌కి క్యాష్ ఆన్ డెలివరీ వద్దనే నా సలహా, తీసుకోకుండా తిప్పి పంపితే రెండువైపులా కొరియర్ ఖర్చు మీ మీదే పడుతుంది, ఎండలో తిరిగొచ్చిన సీసాని మళ్లీ అమ్మలేరు. అమెరికా, గల్ఫ్ నుంచి అడిగేవాళ్లు తప్పకుండా ఉంటారు. వాళ్లకి కస్టమ్స్ కాగితాలు, సుంకాలు, పార్సిల్ కట్టే పద్ధతి అన్నీ వేరు కాబట్టి ఈ వందలో కలపకండి, పేరు రాసుకుని తర్వాత విడిగా పంపుతామని చెప్పండి. గుంటూరులో ఉన్న వాళ్ల అమ్మానాన్నల ఇంటికి పంపమంటే మాత్రం వెంటనే తీసుకోండి, అలాంటి ఆర్డర్లు బాగానే వస్తాయి.

అదే రోజు ఇన్‌స్టాగ్రామ్ స్టోరీలో కౌంట్‌డౌన్ స్టిక్కర్ పెట్టి బుధవారం సాయంత్రం 7 గంటలకి సెట్ చేయండి. నొక్కినవాళ్లకి టైమ్ అవగానే నోటిఫికేషన్ వెళ్తుంది. మంగళవారం రెండో బ్రాడ్‌కాస్ట్, చాట్‌కి "బెల్లం" లేబుల్ ఉన్నవాళ్లకే: రేపు సాయంత్రం 5కి మీకు, 7కి అందరికీ.

ఆ రాత్రే ఒక రిహార్సల్ చేయండి. చెల్లెలు వేరే ఫోన్ నుంచి కస్టమర్‌లా ఆర్డర్ పెట్టాలి, అక్క జవాబివ్వాలి, డబ్బు పడాలి, షీట్లో ఎక్కాలి. ఎక్కడో ఒకచోట తప్పకుండా తట్టుకుంటుంది. పిన్‌కోడ్ అడగడం మరిచిపోయారనో, క్యూఆర్ కోడ్ పాతదనో అప్పుడే తెలియాలి.

## పదో రోజు

ఐదు గంటలకి లిస్టుకి మూడో బ్రాడ్‌కాస్ట్. ఆర్డర్ ఎలా పంపాలో అందులోనే ఉండాలి: పేరు, పూర్తి చిరునామా, పిన్‌కోడ్, ఫోన్ నంబరు, ఒకటా జోడీనా. ఒకరు మెసేజీలు చూస్తే ఇంకొకరు షీట్ నింపాలి. షీట్లో ఆర్డర్ నంబరు, పేరు, ఊరు, పిన్‌కోడ్, ఏం కావాలి, డబ్బు పడిందా, ట్రాకింగ్ నంబరు, ఈ ఏడు గడులు చాలు.

సీసా లెక్క డబ్బు పడ్డాకే తగ్గించాలి. "కావాలి" అన్నవాళ్లకి అరగంట ఆపి ఉంచండి, ఆ సంగతి చెప్పే ఆపండి. డబ్బు పడిందా అన్నది మీ బ్యాంకు యాప్‌లో చూసుకోవాలి, వాళ్లు పంపిన స్క్రీన్‌షాట్ చూసి కాదు. నకిలీ స్క్రీన్‌షాట్లు తయారుచేయడం ఇప్పుడు చిన్నపిల్లల పని, హడావిడిలో ఉన్న రోజునే అలాంటివి వస్తాయి.

మన కేసులో ఐదు నుంచి ఏడు మధ్య 41, ఏడు తర్వాత పడుకునేలోపు 23, మొత్తం 64 పోయాయనుకుందాం. రాత్రి పదింటికి నిజమైన లెక్క పెట్టండి: "64 వెళ్లాయి, 36 ఉన్నాయి." "ఆఖరి కొన్ని సీసాలే" అని అబద్ధం రాయకండి, పది రోజుల తర్వాత కూడా సరుకు అమ్ముతూ కనబడితే ఇంకెప్పుడూ మీ మాట నమ్మరు. పైగా ఈ సరుకులో నిజమైన కొరత ఉండనే ఉంది. వానలు పడ్డాక పచ్చడికి పనికొచ్చే పుల్లటి గట్టి కాయ దొరకదు, కాబట్టి మళ్లీ వచ్చే ఏడాదే. ఆ ఒక్క నిజం చెబితే చాలు.

## పదకొండు నుంచి పద్నాలుగు

గురువారం కొత్త కబుర్లేమీ చెప్పకండి, పార్సిళ్లు కట్టే వీడియో ఒక్కటి పెట్టండి. సీసా బోర్లించిన కాగితం, దాని మీద మరక లేకపోవడం చూపించండి, దారిలో కారుతుందేమోనని ఆగినవాళ్లకి అదే జవాబు. ఏ రోజు బయల్దేరిన పార్సిళ్ల ట్రాకింగ్ నంబర్లు ఆ సాయంత్రమే వెళ్లాలి. ఒక్కరోజు ఆలస్యమైనా "పంపారా అండీ" అన్న మెసేజీలు జవాబు చెప్పలేనన్ని వస్తాయి.

శుక్రవారం పార్సిల్ అందుకోబోయేవాళ్లకి చిన్న మాట: తెరిచాక పొడి గరిటెతో అడుగు నుంచి ఒకసారి కలపండి, దారిలో నూనె పైకి తేలి పాకం అడుగున చేరుతుంది, తడి తగలనివ్వకండి. ఇది చెప్పకపోతే కొందరు పైన తేలిన నూనె ఫోటో తీసి "ఇంత నూనెనా" అని పెడతారు. నూనె కారిన పార్సిల్ గురించి ఫోటో వస్తే వాదన పెట్టుకోకుండా పక్కన పెట్టిన పదిలోంచి వెంటనే ఇంకొకటి పంపండి, అందుకే పెట్టాం. ఒకే రోజు పంపినవాటిలో మూడుకి మించి కారాయంటే అది మూతల తప్పు, మిగతా పార్సిళ్లు ఆపి అన్నీ మళ్లీ బిగించాలి.

శనివారం నుంచి ఇళ్లలోంచి ఫోటోలు వస్తాయి. రాకపోతే అడగండి, పచ్చడి ఫోటో కాకుండా ఆదివారం కంచం ఫోటో అడగండి. ఆ కంచాల్ని ఆదివారం మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు మధ్య, అంటే చూసేవాళ్లు కూడా భోజనానికి కూర్చునే వేళకి, వరసగా స్టోరీల్లో పెట్టి చివర లింక్ ఇవ్వండి. మొదటి రోజు ఆగిపోయినవాళ్లు కొనేది ఇక్కడే. మిగిలిన 36లో గురు, శుక్ర, శనివారాల్లో 20 పోయి, ఆదివారం ఒక్కరోజే 13 పోయాయనుకుంటే మూడు మిగిలాయి. వాటిని తగ్గించి అమ్మకండి, నిల్వ ఎలా ఉందో చూడటానికి మూడు నెలలకి ఒకటి తెరవడానికి మీ దగ్గరే ఉంచుకోండి.

ఆదివారం సాయంత్రం నాలుగో బ్రాడ్‌కాస్ట్, పేరిచ్చి కొననివాళ్లకి మాత్రమే. అమ్మడానికి కాదు, ఒక ప్రశ్న అడగడానికి: "ఈసారి తీసుకోలేదు కదండీ, ధర వల్లా, అర కిలో ఎక్కువనా, మరేదైనానా? వచ్చే ఏడాదికి తెలుసుకుందామని." అర కిలో ఎక్కువన్న జవాబే ఎక్కువ వస్తే వచ్చే మేలో పావు కిలో సీసాలు ముందే తెప్పించాలి. అయితే కొరియర్ మెట్ల లెక్క మళ్లీ మొదటి నుంచి వేయాలి, ఎందుకంటే పావు కిలో సీసా ఒక్కటే పంపితే అర కిలో చార్జీలోనే సరిపోతుంది గానీ జోడీ పెడితే దాటిపోతుంది.